8 క్యారెక్టర్ల బటన్, మాటకి రూపాయిన్నర: గేమ్‌ని తెలుగులోకి తెస్తే గంటకి ఎంత గిడుతుంది?

ఫోన్ లాంగ్వేజ్‌ని తెలుగులోకి మార్చి నాలుగైదు యాప్‌లు తెరిచి చూడండి. కొన్ని బటన్ల మీద మాట సగంలో తెగి మూడు చుక్కలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల ఒత్తులు కింద కోసుకుపోతాయి. ఇంకొన్నిచోట్ల తెలుగు బాగానే ఉంటుంది గానీ, ఆ స్క్రీన్‌కి ఆ మాటతో సంబంధమే ఉండదు. అనువాదకుడికి తెలుగు రాదేమో అని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు కారణం అది కాదు. ఆ మాట అక్కడికి వచ్చిన దారిలో ఉంటుంది, ఆ పనికి డబ్బులు కట్టే పద్ధతిలో ఉంటుంది.

నేను ఫ్రీలాన్స్‌గా యాప్‌లు, గేమ్‌లు తెలుగులోకి తెస్తుంటాను. ఈ పని ఎలా ఉంటుందో ఊరికే చెప్తే బోర్ కొడుతుంది కాబట్టి ఒక్క జాబ్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా లెక్క చూపిస్తాను. పొలం గేమ్ ఒకటి, పేరు వద్దులెండి. పంట వేయాలి, కోయాలి, అమ్మాలి, పెట్టెలు తెరవాలి, అలాంటిది. దాని కొత్త అప్‌డేట్‌లో మొత్తం 3,000 ఇంగ్లీష్ మాటలు. ఏజెన్సీ ఇచ్చే రేటు మాటకి రూపాయిన్నర. 3,000 ఇంటూ 1.50 అంటే ₹4,500 అనుకుంటాం కదా? బిల్లు అంత రాదు. ఎందుకో చూద్దాం.

చేతికి వచ్చేది గేమ్ కాదు, లిస్టు

మనకి గేమ్ స్క్రీన్లు రావు. వరసగా స్ట్రింగ్‌లు వస్తాయి. స్ట్రింగ్ అంటే స్క్రీన్ మీద కనిపించే ఒక టెక్స్ట్ ముక్క. అది ఒక్క మాట కావచ్చు, పెద్ద డైలాగ్ కావచ్చు. ఒక్కో దానికి ఒక ఐడీ, ఇంగ్లీష్ టెక్స్ట్, కొన్నిటికి క్యారెక్టర్ల హద్దు ఉంటాయి. ఇలా:

```
btn_claim      "Claim"      max: 8
barn_free      "Free"
```

మొదటిది బహుమతి తీసుకునే బటన్. రెండోది ఏమిటో ఐడీని బట్టి ఊహించుకోవాలి. ఈ రెండు స్ట్రింగ్‌లు చాలు, ఈ పనిలో ఉన్న రెండు పెద్ద చిక్కులూ అర్థమవుతాయి.

8 అంటే ఏ 8?

`Claim` బటన్‌కి హద్దు 8. నా ముందున్న మాటలు, వాటి లెక్క ఇదీ:

- క్లెయిమ్ చేయండి: 15
- తీసుకోండి: 9
- పొందండి: 7
- అందుకో: 6

"తీసుకోండి"లో 9 ఎక్కడున్నాయి, కంటికి కనిపించేవి నాలుగే కదా అంటారా? తీ, సు, కోం, డి. నిజమే, మనం చదివేది నాలుగు అక్షరాలే. కానీ కంప్యూటర్ లెక్కపెట్టేది అక్షరాలని కాదు, యూనికోడ్ కోడ్ పాయింట్లని. హల్లు ఒకటి, దాని గుణింతం గుర్తు ఇంకొకటి, సున్నా మరొకటి. ఒత్తు వస్తే మధ్యలో పొల్లు కూడా ఒకటిగా లెక్కకి వస్తుంది. నమ్మకపోతే పైథాన్‌లో చూడండి:

```
>>> len("తీసుకోండి")
9
>>> len("స్టోర్")
6
>>> len("నగరంలో")
6
```

చివరి రెండూ గమనించండి. "స్టోర్", "నగరంలో" రెండూ లెక్కలో 6. కానీ స్క్రీన్ మీద "స్టోర్" రెండు అక్షరాల చోటు తీసుకుంటే, "నగరంలో" నాలుగు అక్షరాల చోటు తీసుకుంటుంది. అంటే ఇంగ్లీష్ కోసం పెట్టిన క్యారెక్టర్ల హద్దు తెలుగు వెడల్పు గురించి దాదాపు ఏమీ చెప్పదు. హద్దు దాటిన మాట బటన్‌లో హాయిగా పట్టొచ్చు, హద్దులోపల ఉన్నది బయటికి పొడుచుకు రావచ్చు.

మళ్లీ `Claim` దగ్గరికి వద్దాం. "అందుకో" పడుతుంది, కానీ గేమ్ అంతా ఆటగాడిని "మీరు" అంటోంది. బటన్ ఒక్కటే ఏకవచనంలోకి దిగితే బాగోదు. "అందుకోండి" అంటే 9, హద్దు దాటింది. "పొందండి" పడుతుంది గానీ ప్రభుత్వ పథకం ప్రకటనలా ఉంటుంది. మనం నిజంగా అనే మాట "తీసుకోండి". ఒక్కటంటే ఒక్కటి ఎక్కువ.

ఇలాంటప్పుడు ముందు అడగాల్సింది ఒకటే: ఈ 8 సిస్టమ్ పెట్టిన హద్దా, లేక డిజైనర్ కంటితో చూసి వేసిన అంకెనా? సిస్టమ్ హద్దులు కదలవు. ప్లే స్టోర్‌లో యాప్ పేరుకి 30, చిన్న వివరణకి 80 క్యారెక్టర్లు, అంతే. అక్కడ బతిమాలినా లాభం లేదు. గేమ్ లోపలి బటన్ హద్దు మాత్రం ఎక్కువగా డిజైనర్ అంచనానే. "తీసుకోండి" బటన్‌లో ఎలా కనిపిస్తుందో ఒక బొమ్మ చేసి పంపాను. మర్నాడు హద్దుని 12 చేశారు. మాట దొరికింది, కానీ ఒక్క మాట మీద ఒక క్వెరీ, ఒక బొమ్మ, ఒక రోజు ఎదురుచూపు పడ్డాయి. బిల్లులో దాని విలువ రూపాయిన్నర.

వెడల్పుతో పని అయిపోదు, ఎత్తు కూడా ఉంది. ఇంగ్లీష్ లెటర్లకి సరిపోయే ఎత్తుతో బటన్ గీస్తే తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు కోసుకుపోతాయి. దీన్ని పట్టుకోవడానికి నేను వాడే మాటలు "స్త్రీ", "లక్ష్మీ", "కృష్ణుడు". టెస్ట్ బిల్డ్‌లో ఏదో ఒక స్ట్రింగ్‌లో ఇవి పెట్టించండి. పైనా కిందా ఏదీ తెగకుండా వస్తే మిగతావాటికీ చాలావరకు భయం లేదు.

ఇంకో తేడా ఇంతకన్నా పెద్దది. "స్టోర్" అని రాస్తే గేమ్‌లో "స్‌టోర్" అని ఒత్తు విడిపోయి కనిపిస్తే అది అనువాదం తప్పు కాదు, ఫాంట్ సైజు సమస్యా కాదు. అక్షరాలని కలిపి ఒత్తులుగా మార్చే పనిని షేపింగ్ అంటారు. ఆండ్రాయిడ్ మామూలు యాప్‌లలో అది సిస్టమే చూసుకుంటుంది. గేమ్‌లు చాలావరకు టెక్స్ట్‌ని తమ ఇంజిన్‌తోనే గీసుకుంటాయి. ఆ ఇంజిన్‌లో షేపింగ్ లేకపోతే మీరు ఏ మాట రాసినా విరిగిపోతుంది. అందుకే మొదటి స్ట్రింగ్ మొదలుపెట్టకముందే ఒక ఒత్తు మాట పంపి, ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ అడగండి. అది విరిగితే పని అక్కడే ఆపి డెవలపర్లకి చెప్పాలి.

ట్రాన్స్‌లేషన్ మెమరీ: పాత మాటల గోదాము

ఇప్పుడు రెండో స్ట్రింగ్, `Free`. దీన్ని తెరవగానే టూల్ తానే "ఉచితం" అని నింపేసింది. పక్కన 100% అని గుర్తు కూడా పెట్టింది.

ఇది ట్రాన్స్‌లేషన్ మెమరీ పని. మీరు ఒక స్ట్రింగ్ పూర్తి చేసిన ప్రతిసారీ ఇంగ్లీష్, తెలుగు జంటగా ఒక ఫైల్‌లో దాచుకుంటుంది. లోపల ఇలా ఉంటుంది:

```
<tu>
  <tuv xml:lang="en"><seg>Free</seg></tuv>
  <tuv xml:lang="te"><seg>ఉచితం</seg></tuv>
</tu>
```

తర్వాత ఎప్పుడైనా అదే ఇంగ్లీష్ వస్తే పాత తెలుగుని ముందుంచుతుంది. అచ్చంగా అదే అయితే 100%. కొంచెం తేడా ఉంటే 85%, 92% అని ఒక అంకె ఇస్తుంది, దాన్ని ఫజ్జీ మ్యాచ్ అంటారు. ఒకే ఫైల్‌లో అదే ముక్క మళ్లీ మళ్లీ వస్తే రిపిటిషన్. ఇందులో తెలివితేటలు ఏమీ లేవు. పోల్చేది ఇంగ్లీష్‌ని ఇంగ్లీష్‌తోనే. తెలుగు సరిపోతుందా లేదా అన్నది దానికి తెలియదు.

గేమ్ షాపులో ఒక వస్తువు మీద `Free` ఉంటే "ఉచితం" సరే. కానీ ఈ కొత్త స్ట్రింగ్ ఐడీ `barn_free`. ధాన్యం కొట్టులో ఇంకా ఎన్ని గళ్లు మిగిలాయో చూపించే చోటు. అక్కడ రావాల్సింది "ఖాళీ". మెమరీ ఇచ్చింది అలాగే వదిలేస్తే ఆటగాడికి "ఉచితం: 12" అని కనిపిస్తుంది. 12 బహుమతులు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటాడు.

ఫజ్జీ మ్యాచ్‌లో ఇంకో ఉచ్చు ఉంది. `Gate unlocked`, `Gate locked` రెంటికీ ఇంగ్లీష్‌లో రెండు లెటర్ల తేడా. పొడవాటి వాక్యం మధ్యలో ఇలాంటిది వస్తే పర్సెంట్ 90 దాటిపోతుంది. కానీ అర్థం పూర్తిగా తలకిందులు. "తలుపు తెరుచుకుంది" అన్నచోట "తలుపు మూసుకుంది" రావాలి. అంకె పెద్దగా ఉందని కళ్లు జారితే అయిపోయింది.

మూడోది గొంతు. ఈ గేమ్ మొదటి వెర్షన్‌ని వేరెవరో చేశారు, ఆటగాడిని "నువ్వు" అన్నారు. తర్వాత కంపెనీ "మీరు"కి మారింది. మెమరీలో మాత్రం పాతవి అలాగే ఉన్నాయి. అందుకని ఒకే స్క్రీన్ మీద "మీరు గెలిచారు" కింద "నీ బహుమతి చూడు" వస్తుంది. 100% స్ట్రింగ్‌లని మార్చకుండా ఏజెన్సీ లాక్ చేసి ఇస్తే మనం చేయగలిగింది కూడా ఏమీ ఉండదు. లాక్ తీయమని అడగడం తప్ప.

అలాగని మెమరీ చెడ్డది అనడం లేదు. 50 చోట్ల వచ్చే "విత్తనాలు" అన్నిచోట్లా "విత్తనాలు"గానే ఉండటం దాని పుణ్యమే. సమస్య ఎక్కడొస్తుందంటే, డబ్బు లెక్కలో.

3,000 మాటలు 1,760 ఎలా అయ్యాయి

మెమరీలో దొరికిన మాటలకి ఏజెన్సీలు పూర్తి రేటు ఇవ్వవు. ఎంత దొరికితే అంత తగ్గింపు. ఆ తగ్గింపు పట్టికని గ్రిడ్ అంటారు, ఒక్కో ఏజెన్సీది ఒక్కోలా ఉంటుంది. ఈ జాబ్‌కి నాకు వచ్చినది ఇదీ:

- కొత్త మాటలు 1,200, పూర్తి రేటు: 1,200
- 75 నుంచి 94% మ్యాచ్‌లు 600, రేటులో 60%: 360
- 95 నుంచి 99% మ్యాచ్‌లు 400, రేటులో 30%: 120
- 100% మ్యాచ్‌లు, రిపిటిషన్లు 800, రేటులో 10%: 80

కలిపితే 1,760. రూపాయిన్నరతో గుణిస్తే ₹2,640. మనం అనుకున్న ₹4,500 ఇలా కరిగింది.

ఇక్కడి దాకా ఏజెన్సీ మోసం చేసిందని అనను, గ్రిడ్ ముందే చూపించారు. నాకు కావాల్సింది వేరే అంకె. ఈ ₹2,640 ఎన్ని గంటలకి? పని మొదలుపెట్టినప్పటి నుంచి ఫోన్‌లో టైమర్ పెట్టి ముక్కలుగా రాసుకున్నాను. కొత్త మాటల్లో సగం, అంటే 600, కథ డైలాగులు. మిగతా 600 మాటలు 300 చిన్న స్ట్రింగ్‌లు, సగటున రెండేసి మాటలు. వాటిలో 120కి బిగువైన హద్దు ఉంది.

| పని | గంటలు | వచ్చింది | గంటకి |
|---|---|---|---|
| డైలాగులు, 600 మాటలు | 2 | ₹900 | ₹450 |
| హద్దు లేని 180 స్ట్రింగ్‌లు | 3 | ₹540 | ₹180 |
| హద్దు ఉన్న 120 స్ట్రింగ్‌లు | 8 | ₹360 | ₹45 |
| ఫజ్జీ మ్యాచ్‌లు | 2 | ₹720 | ₹360 |
| 100%, రిపిటిషన్లు | 1 | ₹120 | ₹120 |
| ఫోన్‌లో చూడటం, క్వెరీలు | 2 | ₹0 | ₹0 |

మొత్తం 18 గంటలు, ₹2,640. గంటకి సుమారు ₹147.

మూడో వరస చూడండి. 120 బటన్లు, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు, 8 గంటలు. చేతికి ₹360. ఆటగాడు రోజూ వేలు పెట్టి నొక్కే మాటలు ఇవే, అందరికంటే ముందు కంటికి కనిపించేవీ ఇవే. వాటికే గంటకి ₹45. ఈ రేటుకి పనిచేసే మనిషి నాలుగు నిమిషాలు ఎందుకు పెడతాడు? "క్లెయిమ్" అని ఇంగ్లీష్ మాటనే తెలుగు లిపిలో పెట్టి పది సెకన్లలో ముందుకెళ్తాడు. మొదట్లో చెప్పిన తెగిన బటన్లు, అతకని మాటలు చాలావరకు ఇక్కడ పుడతాయి.

మాటకా, గంటకా?

దీని అర్థం అన్ని పనులూ గంట రేటుకే చేయమని కాదు. అదే పట్టికలో మొదటి వరస చూడండి. డైలాగులు నాకు వేగంగా వస్తాయి, గంటకి ₹450 పడింది. అదే గంటకి ₹300 ఒప్పుకుని ఉంటే రెండు గంటలకి ₹600, అంటే ₹300 నష్టం. వరసగా సాగే టెక్స్ట్‌కి మాట రేటు మనకి మంచిది, ఎందుకంటే చేయి తిరిగేకొద్దీ లాభం మనదే. మాట చిన్నదై, ఆలోచన పెద్దదైన చోట గంట రేటు కావాలి.

ఈ పట్టికనే ఏజెన్సీ కోఆర్డినేటర్‌కి పంపాను. ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "గంటలంటే మా క్లయింట్‌కి భయమండీ, ఎక్కడ ఆగుతుందో తెలీదు" అన్నారు. అదీ న్యాయమే. మాట రేటుకి బిల్లు ముందే తెలుస్తుంది, గంట రేటుకి తెలియదు. అందుకని మధ్యే మార్గం అడిగాను. హద్దు ఉన్న స్ట్రింగ్‌లు, ఫోన్‌లో చూడటం, క్వెరీలు, ఈ మూడింటికే గంట రేటు ₹300, 10 గంటలు మించకుండా, టైమ్ షీట్‌తో సహా. మిగతావన్నీ పాత గ్రిడ్ ప్రకారమే.

రెండు మెయిళ్ల తర్వాత ఒప్పుకున్నారు. అదే సైజు అప్‌డేట్‌కి లెక్క ఇలా మారుతుంది: మాట రేటు పనులకి ₹2,280, గంటల పనికి ₹3,000, మొత్తం ₹5,280. అవే 18 గంటలకి గంటకి ₹293. క్లయింట్‌కి కూడా మిగిలేది ఉంది. బటన్లు తెగడం లేదని తెలిశాక, రిలీజ్ అయ్యాక వచ్చే సవరణల గోల తగ్గుతుంది.

బేరంలో మూడు సంగతులు కాగితం మీద ఉండేలా చూసుకోండి. ఒకటి, మాటల లెక్క ఇంగ్లీష్‌ వైపు నుంచే జరగాలి. తెలుగులో మాటలు అతుక్కుంటాయి. `from inside the house` నాలుగు మాటలు, "ఇంట్లోంచి" ఒక్కటే. తెలుగు మాటలు లెక్కపెడితే అదే పనికి డబ్బు బాగా తగ్గిపోతుంది. రెండు, కనీస బిల్లు. అప్‌డేట్‌కి 14 మాటలే వస్తే ₹21, టూల్ తెరిచి లాగిన్ అవడానికే ఆ డబ్బు చాలదు. అరగంట పనికి ఎంతో అంత కనీసం అని ముందే రాయించుకోండి. మూడు, 100% మ్యాచ్‌లకి 10% ఇస్తున్నారంటే చదవమని అర్థం, లాక్ చేసి ఇస్తే వాటి బాధ్యత మనది కాదని అర్థం. ఏది అన్నది తేల్చుకోండి. `barn_free` తప్పు ఎవరి ఖాతాలో పడుతుందో దీని మీదే ఆధారపడుతుంది.

ఒప్పుకునే ముందు ఒక చిన్న పరీక్ష

కొత్త జాబ్ వచ్చినప్పుడు నేను రేటు గురించి మాట్లాడకముందు 30 స్ట్రింగ్‌ల శాంపిల్ అడుగుతాను. పది డైలాగులు, పది హద్దు లేనివి, పది హద్దు ఉన్నవి. టైమర్ పెట్టి చేసి, ఒక్కో రకానికి గంటకి ఎంత పడుతుందో పైన చూపించినట్టు లెక్కేస్తాను. ఎక్కడ మాట రేటు చాలు, ఎక్కడ గంట రేటు అడగాలి అన్నది ఆ మూడు అంకెలే చెప్పేస్తాయి.

టూల్ కొనాల్సిన పని కూడా లేదు. ఒమేగాటీ అని ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, ట్రాన్స్‌లేషన్ మెమరీ, ఫజ్జీ మ్యాచ్‌లు అన్నీ అందులో చూడొచ్చు. ఏదైనా ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ యాప్ స్ట్రింగ్‌ల ఫైల్ అందులో తెరిచి ఓ యాభై ముక్కలు చేయండి. రెండోసారి అదే ఫైల్ పాత, కొత్త వెర్షన్లు పక్కపక్కన పెట్టి చేస్తే మెమరీ ఏది సరిగ్గా ఇస్తుందో, ఏది "ఉచితం: 12" చేస్తుందో మీ కళ్లతోనే చూస్తారు.